480 రూమ్ నైట్లు ఒప్పుకున్నాం, బ్లాకౌట్ అని రూములివ్వలేదు, ఇప్పుడు తగ్గాయని బిల్లు వేశారు. ఏం చేయాలి?

కోటజంక్షన్ · 2025 నవంబర్ 14, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఒక నిర్మాణ కంపెనీ సైటాఫీసులో అడ్మిన్ పని చూస్తున్నాను. మా హెడ్డాఫీసు హైదరాబాదులో ఉంది. భోగాపురం వైపు పని మీద వచ్చే ఇంజినీర్లను, ఆడిటర్లను ఊళ్లో ఒకే హోటల్లో దింపుతాం. హోటల్ పేరు ఇక్కడ రాయను. పోయినేడాది వాళ్లు మాకు కార్పొరేట్ రేటు లెటరు ఇచ్చారు. అప్పటి మేనేజరు గారు సంతకం పెట్టేసి బదిలీ మీద వెళ్లిపోయారు. నేను ఆ తర్వాత వచ్చాను.

లెటరు ఇంగ్లీషులో ఉంది. ముఖ్యమైన మాటలు ఉన్నవి ఉన్నట్టు తెలుగులో రాస్తున్నాను.

గడువు 2024 నవంబర్ 1 నుంచి 2025 అక్టోబర్ 31 వరకు. ఒక్కరికి టిఫినుతో కలిపి రోజుకు 2,600 రూపాయలు, పన్ను వేరే. వాళ్ల మామూలు రేటు 3,200.

"ఈ గడువులో కంపెనీ 480 రూమ్ నైట్లు వాడుతుంది. తగ్గితే, తగ్గిన ప్రతి నైటుకూ కార్పొరేట్ రేటు చొప్పున కంపెనీ చెల్లించాలి."

"బ్లాకౌట్ రోజులు: డిసెంబర్ 24 నుంచి జనవరి 1, జనవరి 13 నుంచి 16, అక్టోబర్ 14, 15, ఇంకా హోటల్ ఎప్పటికప్పుడు తెలియజేసే రోజులు. ఈ రోజుల్లో ఈ రేటు వర్తించదు."

మొన్న బిల్లు వచ్చింది. మేం వాడింది 391 నైట్లేనట. 89 తగ్గాయి కాబట్టి 2,31,400, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 2,73,052 రూపాయలు.

నా బాధ ఏమిటంటే, పెళ్లిళ్ల రోజుల్లో రూము అడిగితే "బ్లాకౌట్ సార్, లేవు" అని వాళ్లే అన్నారు. మా వాళ్లను స్టేషన్ దగ్గర లాడ్జిలో పెట్టాను. వాళ్లివ్వని రూములకు మేం డబ్బు కట్టాలా? సోమవారం లోపు హెడ్డాఫీసుకు జవాబు చెప్పాలి. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

వంశధార · రాత్రి 9:42

సంతకం పెట్టాక 480 అంటే 480 అండీ. బ్లాకౌట్ ఉంటుందని లెటరులో ముందే ఉంది కదా, తెలిసే ఒప్పుకున్నారు. పైగా ఆ రోజుల్లో మీవాళ్లు ఎవరైనా దిగి మామూలు రేటు కట్టినా అవి 480లోకి రావు. ఈ రేటు వర్తించనప్పుడు ఈ లెటరే వర్తించదు. మా కంపెనీలో అలాగే లెక్కేశారు, మేం కట్టేశాం.

బొబ్బిలి పెద్దమ్మాయి · రాత్రి 10:05

మాకూ ఇలాగే అయింది. ఫిబ్రవరిలో మా తమ్ముడి పెళ్లికి విజయనగరంలోనే ఒక హోటల్లో ముప్పై రూములు రెండు రోజులకు మాట్లాడాం. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. మగపెళ్లివారి తరఫున నలుగురు రాలేదు, ఆ నాలుగు రూముల డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. నేనూ అడగాలనుకుంటున్నాను, మనం వాడని రూముకు డబ్బు ఎందుకు పట్టుకుంటారు? మీకు దారి దొరికితే నాకూ చెప్పండి.

అరసవల్లి ఫ్రంటాఫీసు · రాత్రి 11:20

నేను శ్రీకాకుళంలో హోటల్ ఫ్రంటాఫీసులో పదిహేడేళ్లుగా ఉన్నాను. అందులో ఆరేళ్లు ఈ లెటర్లు నేనే తయారుచేశాను. కాబట్టి ముందు హోటల్ వైపు నుంచి ఇది ఎలా ఉంటుందో చెబుతాను.

బొబ్బిలి అమ్మా, మీది గ్రూపు బుకింగు. ఫలానా రోజు ఫలానా రూములు మీకోసమే ఆపి ఉంచారు, ఇంకొకరికి అమ్మలేదు. కోటజంక్షన్ గారిది అలా కాదు. ఆయన పేరు మీద ఏ రోజూ ఏ రూమూ ఆపలేదు. ఏడాది మొత్తం మీద ఇన్ని నైట్లు వస్తాయన్న భరోసా మీద 600 తగ్గించారు, అంతే. రెండూ ఒకటి కావు.

మన ఊళ్లలో హోటళ్లంటే ముప్పై నుంచి యాభై రూములు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకంలో మంచి ముహూర్తం పడితే ఒక పెళ్లివారే హాలుతో సహా మొత్తం తీసుకుంటారు. మాకు రథసప్తమికి అరసవల్లి వచ్చేవాళ్లుంటారు. మీకు పైడితల్లమ్మ సిరిమాను ఉంది. ఆ రోజుల్లో మామూలు రేటుకే రూము దొరకదు. తగ్గించిన రేటుకు ఎందుకివ్వాలని యజమాని అడుగుతాడు. అందుకే బ్లాకౌట్ పెడతాం. అది పెట్టడం తప్పు కాదు. తప్పు ఎక్కడ వస్తుందంటే, బ్లాకౌట్ ఒకరు రాస్తారు, నైట్ల సంఖ్య ఇంకొకరు రాస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడరు. 480 రాసినప్పుడు 365 రోజులూ రూములు తెరిచి ఉంటాయన్నట్టు లెక్కేశారు. తర్వాత రోజులు మూసేస్తూ వెళ్లారు. సంఖ్య మాత్రం అక్కడే ఉండిపోయింది.

వంశధార గారూ, మీరన్నదాంట్లో సగం నిజం. ఆ లెటరులో బ్లాకౌట్ అంటే "ఈ రేటు వర్తించదు" అని మాత్రమే ఉంది. "రూము ఇవ్వం" అని లేదు. అది మీరు సరిగ్గానే పట్టుకున్నారు. కానీ నైట్ల మాట దగ్గర "480 రూమ్ నైట్లు వాడుతుంది" అని ఉంది, "ఈ రేటుకు 480 నైట్లు" అని లేదు. మామూలు రేటు కట్టి దిగినా అది వాడిన నైటే. హోటల్‌కు ఇంకో 600 ఎక్కువ వచ్చిన నైటు కూడా. దాన్ని లెక్కలోంచి తీసేయడానికి ఆ లెటరులో ఆధారం నాకు కనబడలేదు.

కోటజంక్షన్ గారూ, మీరు మూడు పనులు చేయండి. మీ కంపెనీ పేరున ఏ నెల ఎన్ని నైట్లు పడ్డాయో చూపే ప్రొడక్షన్ రిపోర్టు అడగండి. మీ దగ్గరున్న బిల్లులతో పోల్చండి. వాళ్లు రూము లేదన్న ప్రతి మెయిలూ, మెసేజీ తేదీలవారీగా రాసుకోండి. అప్పుడు మాట్లాడదాం.

కోటజంక్షన్ · నవంబర్ 15, సాయంత్రం 6:30

మాస్టారూ, చాలా థాంక్స్. ఈరోజంతా అదే పని మీద కూర్చున్నాను. వాళ్ల రిపోర్టులో 391 ఉంది. మా బిల్లుల్లో 437 తేలింది. 46 నైట్ల తేడా ఎక్కడుందో ఒక్కొక్క బిల్లూ పట్టుకుని చూశాను.

18 నైట్లు బ్లాకౌట్ రోజుల్లో 3,200 కట్టి దిగినవి.

11 నైట్లు రూము బుక్ చేసి మనిషి రానివి. రైలు ఆలస్యం, సైటు వాయిదా, అలాంటివి. వీటికి పూర్తి డబ్బు పట్టుకున్నారు, కానీ రిపోర్టులో లేవు.

17 నైట్లు మా ఇంజినీర్లు ఫోన్లో యాప్ తెరిచి సొంతంగా బుక్ చేసుకుని తర్వాత బిల్లు పెట్టుకున్నవి. కొన్నిసార్లు యాప్‌లో 2,450కే దొరికిందట.

ఇక రూము లేదని రాతపూర్వకంగా చెప్పినవి 31 నైట్లు. ఫోన్లో చెప్పినవి ఇంకా ఉన్నాయి కానీ కాగితం లేదు కాబట్టి కలపలేదు. ఆ 31కీ లాడ్జి బిల్లులు ఉన్నాయి.

ఇంకో సంగతి. లెటరులో ఉన్న బ్లాకౌట్ రోజులు 15. ఏడాదిలో వాట్సాప్‌లో "రేపటి నుంచి బ్లాకౌట్" అని చెప్పిన రోజులు లెక్కపెడితే 37. మొత్తం 52 రోజులు.

మూడులాంతర్లు · రాత్రి 7:15

ఆగండి. లెటరులో అక్టోబర్ 14, 15 అని ఉందన్నారు. అది ఏ లెక్కన రాశారు? సిరిమాను అక్టోబర్ 15న అయింది పోయినేడాది, 2024లో. ఈ ఏడాది అక్టోబర్ 7న అయింది. తొలేళ్లు 6న. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం కదా సిరిమాను, ఏటా తేదీ మారుతుంది. మాది గుడి వీధే, చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. పాత లెటరులో తేదీలు అలాగే దించేసినట్టున్నారు.

కోటజంక్షన్ · రాత్రి 7:40

మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు! నిజమే. అక్టోబర్ 6, 7 తేదీల్లో మూడు రూములు అడిగితే బ్లాకౌట్ అన్నారు. 31లో ఆరు నైట్లు అవే. అక్టోబర్ 14న హోటల్ ఖాళీగానే ఉంది, అయినా లెటరు ప్రకారం అని ఇద్దరికి 3,200 వేశారు.

అరసవల్లి ఫ్రంటాఫీసు · రాత్రి 9:00

మూడులాంతర్లు గారు మంచి పాయింటు పట్టారు. ఆ ఆరు నైట్లు మీకు అన్నింటికంటే గట్టివి. లెటరులో లేని రోజున రూము అడిగారు, ఇవ్వలేదు. 37 రోజుల వాట్సాప్ జాబితాలో 6, 7 తేదీలు కూడా ఉంటే, ఎప్పుడు పంపారో చూడండి. మీరు అడిగాక పంపితే అది తెలియజేయడం కాదు, రూము ఇవ్వకపోవడానికి చెప్పిన కారణం.

ఇప్పుడు మీ 46 గురించి. 18 మీద గట్టిగా నిలబడండి, కారణం నిన్న చెప్పాను. 11 మీద కూడా నిలబడండి. మనిషి రాకపోయినా రూము ఆ రాత్రి మీ పేరున ఉంది, డబ్బు తీసుకున్నారు. మా సిస్టములో నో షో పడితే రూము ఖాళీ అని చూపిస్తుంది, ప్రొడక్షన్‌లోకి ఎక్కదు. అది సాఫ్ట్‌వేరు అలవాటే గానీ ఒప్పందం మాట కాదు. అడిగితే చాలా హోటళ్లు కలుపుతాయి.

17 మీద మాత్రం ఎక్కువ పట్టుబట్టకండి. యాప్ ద్వారా వస్తే హోటల్ ఆ యాప్‌కు కమీషన్ కట్టాలి. మీ కంపెనీ కోడు మీద పడదు. వచ్చిన అతిథి మీ మనిషని కౌంటర్లో ఎవరికీ తెలియదు. లెటరులో "కంపెనీ వాడుతుంది" అనే ఉంది కాబట్టి అడగొచ్చు, కానీ బలహీనమైన వాదన. బేరంలో వదులుకోవడానికి పనికొస్తుంది.

అంటే గట్టిగా చెప్పుకోగలిగింది 391కి 18, 11 కలిపి 420.

లెక్కల వరహాలు · రాత్రి 9:50

నేను అకౌంట్స్ మనిషిని. 31 నైట్లను, 52 రోజులను ఎలా వాడాలో చెబుతాను. రెండు పద్ధతులున్నాయి, ఏదో ఒకటి ఎంచుకోవాలి. రెండూ కలిపితే ఒకే నష్టాన్ని రెండుసార్లు అడిగినట్టవుతుంది, వాళ్లు పట్టుకుంటారు.

మొదటిది, ఇవ్వని నైట్లను వాడినట్టే లెక్కపెట్టమనడం. 420కి 31 కలిపితే 451. తగ్గింది 29. వాళ్ల రేటునే వేస్తే 75,400 రూపాయలు.

రెండోది, మూసేసిన రోజుల మేరకు 480నే తగ్గించమనడం. 365లో 52 పోతే 313. 480ని 313తో హెచ్చవేసి 365తో భాగిస్తే 412 దగ్గర వస్తుంది. అలా చేసినప్పుడు మూసిన రోజుల్లో దిగిన 18 నైట్లు మీ వైపు కూడా తీసేయాలి. మిగిలింది 402. తగ్గింది పదే. 26,000 రూపాయలు.

రెండో పద్ధతి మీకు లాభం. కానీ మొదటిదానికి కాగితం ఉంది, 31 మెసేజీలు, 31 లాడ్జి బిల్లులు. రెండోదానికి లెటరులో ఒక్క ముక్క కూడా లేదు, న్యాయం అనిపించే లెక్క మాత్రమే. నేనైతే మొదటిదాన్ని ముందు పెట్టి, రెండోది పక్కన చూపిస్తాను.

జీఎస్టీ 18 శాతం ఎందుకు వేశారో రాతపూర్వకంగా అడగండి. 7,500 వరకు ఉన్న రూముకు సెప్టెంబర్ 22 దాకా 12 శాతం, ఆ రోజు నుంచి 5 శాతం. 18 అనేది 7,500 దాటిన రూములకు. 2,600 రూముకు 18 వచ్చే దారి లేదు.

గంటస్తంభం లాయరు · నవంబర్ 16, ఉదయం 8:20

వరహాలు గారూ, 18 శాతం వేయడానికి వాళ్లు చెప్పే దారి ఒకటుంది. ఇది రూము అద్దె కాదు, వేరే సేవ అంటారు. దానికి ఎదురుగా 2022 ఆగస్టు 3న వచ్చిన 178వ జీఎస్టీ సర్క్యులర్ చూడండి. ఒప్పందం తప్పినందుకు ఇచ్చే నష్టపరిహారం మీద పన్ను లేదని అందులో ఉంది. బుకింగ్ రద్దు ఛార్జీలకు మాత్రం అసలు సేవకు ఉన్న పన్నే అని ఉంది.

అసలు సంగతికి వస్తాను. కాంట్రాక్టు చట్టం 1872లో 74వ సెక్షను ఉంది. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే రాసుకున్నా, ఆ మొత్తం పైహద్దు మాత్రమే. కోర్టు ఆ హద్దు దాటకుండా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. 89 నైట్లు మీరు వాడలేదు సరే, ఆ రూములు ఖాళీగా ఉన్నాయా, ఇంకొకరికి అమ్ముడయ్యాయా? బొబ్బిలి ఆవిడ చెప్పింది మీకే పనికొచ్చేలా ఉంది. పెళ్లివారి దగ్గర పూర్తి డబ్బు ముందే తీసుకుని రూములన్నీ ఇచ్చిన రోజున మీకు రూము లేదన్నారనుకోండి, ఆ నైటుకు హోటల్ నష్టపోయింది ఏముంది?

కానీ ఒక హెచ్చరిక. ఇది పరిహారం కాదు, కనీస వాడకానికి ఒప్పుకున్న ధర అని వాళ్లు వాదించొచ్చు. "వాడినా వాడకపోయినా కట్టాలి" అన్న పద్ధతిలో రాసిన ఒప్పందాలకు 74 వర్తించదనే వాదన ఉంది. మీ లెటరులో "తగ్గితే చెల్లించాలి" అని ఉంది, అది రెండు వైపులా లాగగల మాట. రెండు లక్షల వ్యవహారానికి కోర్టుకు వెళ్లమని నేను చెప్పను. మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఏముందో తెలియాలని చెబుతున్నాను.

లెక్కల వరహాలు · ఉదయం 9:05

లాయరు గారూ, పరిహారం మీద పన్ను లేదన్న మాట ఈ బిల్లుకు అతకదని నా అభిప్రాయం. ఇది రూము సేవకు అంటుకున్న మొత్తమే, కాబట్టి రూము పన్నే పడాలి.

గంటస్తంభం లాయరు · ఉదయం 9:30

మీరలా అనుకోవచ్చు. ధర అని హోటల్ అంటే పన్ను పడుతుంది, పరిహారం అంటే పడదు. బిల్లులో ఏ పేరు పెట్టారో దాన్నే వాళ్ల చేత చెప్పించండి. పన్ను కోసం ధర అని, కోర్టు దగ్గర ఇంకోటని రెండు రకాలుగా చెప్పలేరు. ఎవరి మాట నెగ్గుతుందో నేను హామీ ఇవ్వను. హైదరాబాదులో మీ ఆడిటరు చూడాల్సిన విషయం.

వంశధార · ఉదయం 10:10

నైట్ల సంగతి మాస్టారు చెప్పాక ఒప్పుకుంటున్నాను. మా పాత లెటరు తీసి చూశాను, మాదాంట్లో "కార్పొరేట్ రేటు మీద వాడిన నైట్లు మాత్రమే" అని స్పష్టంగా ఉంది. అందుకే మాకు అలా లెక్కేశారు. మీదాంట్లో ఆ మాట లేదు.

కానీ ఒకటి. కొత్త లెటరులో "రోజూ రెండు రూములు మా కోసం ఖచ్చితంగా ఉంచాలి" అని రాయించేయండి. అప్పుడు బ్లాకౌట్ గొడవే ఉండదు.

లెక్కల వరహాలు · ఉదయం 11:00

వంశధార గారూ, అలా రాయిస్తే టీడీఎస్ దగ్గర ఇంకో తలుపు తెరుచుకుంటుంది. హోటల్ రూములు రోజువారీగా, మీకోసమే కేటాయించి తీసుకుంటే అది అద్దె కిందికి వస్తుంది. 194-ఐ సెక్షను కింద కంపెనీ 10 శాతం పట్టుకుని కట్టాలి. ఉత్త రేటు ఒప్పందమైతే అక్కర్లేదు. 2002లో ప్రత్యక్ష పన్నుల బోర్డు 5వ సర్క్యులర్‌లో ఇదే చెప్పింది. రేటు మాత్రమే ఖరారు చేసుకున్నప్పుడు ఫలానా రూములు ఇచ్చి తీరాలన్న బాధ్యత హోటల్‌కు ఉండదు కాబట్టి అది క్రమం తప్పకుండా తీసుకున్న వసతి కాదంది.

రూములు కేటాయించమని అడిగితే తప్పు కాదు. ఆ పన్ను పట్టి కట్టడానికి అకౌంట్స్ వాళ్లు సిద్ధంగా ఉండాలి, హోటల్ కూడా ఒప్పుకోవాలి. తెలియకుండా రాసేసి తర్వాత ఆడిట్లో దొరక్కూడదు.

బొబ్బిలి పెద్దమ్మాయి · మధ్యాహ్నం 12:40

మాది వేరే రకమని ఇప్పుడు తెలిసింది. మా పెళ్లి ఫిబ్రవరి రెండో వారంలో. ఆ హోటలూ మీదీ ఒకటే అయితే ఆ తేదీల్లో మీకు రూము లేదన్నారేమో చూసుకోండి. మా రసీదు కావాలంటే పంపుతాను, పేర్లు కప్పేసి.

కోటజంక్షన్ · మధ్యాహ్నం 1:15

అక్కా, చాలా పెద్ద సాయం. మీకు మెసేజీ పెడుతున్నాను. ఫిబ్రవరి రెండో వారంలో మాకు నాలుగు నైట్లు లేవన్నారు.

ఇంకో ప్రశ్న. గడువు అయిపోయింది కాబట్టి కొత్త లెటరు కూడా వాళ్లు పంపారు. అందులో 500 నైట్లు రాశారు. ఏం మార్చమనాలి?

అరసవల్లి ఫ్రంటాఫీసు · మధ్యాహ్నం 3:30

మొదట సంఖ్య. పోయినేడాది నిజంగా వాడింది 437. అందులో యాప్‌వి ఈసారి కౌంటరు ద్వారానే వస్తాయనుకుందాం. దాంట్లో ఎనభై శాతం రాయండి, 350 దగ్గర. వాడకం తగ్గొచ్చు, సైటు పని ఏడాదిలో ఎలా మారుతుందో మీకు తెలుసు. 350కి 2,600 ఇవ్వనంటే 2,700కి ఒప్పుకోండి. 400 నైట్ల మీద వంద రూపాయలు ఎక్కువైతే 40,000. ఇప్పుడు మీ చేతిలో ఉన్న బిల్లుతో పోల్చి చూసుకోండి.

తర్వాత బ్లాకౌట్. "హోటల్ ఎప్పటికప్పుడు తెలియజేసే రోజులు" అన్న ముక్కను కొట్టేయమనండి. ఒప్పుకోరు, నేనైతే ఒప్పుకోను. పెళ్లి బుకింగు ఎప్పుడొస్తుందో ముందు తెలియదు. కాబట్టి దానికి హద్దు పెట్టించండి. ఏడాదికి మొత్తం 25 రోజులు మించకూడదు, కనీసం 30 రోజుల ముందు మెయిల్లో చెప్పాలి, అప్పటికే ఖరారైన మీ బుకింగులను కదపకూడదు. ఇది హోటళ్లు మామూలుగా ఒప్పుకునేదే.

సిరిమాను తేదీని అంకెల్లో రాయించకండి. "ఆ ఏడాది దేవస్థానం ప్రకటించిన తొలేళ్లు, సిరిమాను రోజులు" అని రాయండి. సంక్రాంతికి అంకెలైనా ఫరవాలేదు.

బ్లాకౌట్ మధ్యలో పడే బసకు కూడా ఒక మాట ఉండాలి. మీ ఇంజినీరు 11వ తేదీన దిగి 18 దాకా ఉండాలనుకోండి, 13 నుంచి 16 బ్లాకౌట్. ఆ నాలుగు రోజులకు రూము ఖాళీ చేయమంటారా, రేటు మారుస్తారా? బ్లాకౌట్‌కు ముందే దిగిన మనిషికి పాత రేటే కొనసాగుతుందని రాయించండి. మా దగ్గర దీని మీదే ఎక్కువ గొడవలయ్యాయి. పండక్కి ముందురోజు రాత్రి కౌంటరు దగ్గర సామాన్లతో నిలబడిన అతిథిని చూస్తే మాకూ కష్టంగానే ఉంటుంది.

చివరగా లెక్క. ఏవి నైట్లుగా లెక్కకొస్తాయో ఒకే వాక్యంలో పెట్టించండి: ఏ రేటుకైనా కంపెనీ పేరున దిగినవి, డబ్బు తీసుకున్న నో షోలు, రూము లేదని మెయిల్లో చెప్పినవి. ప్రతి నెలా 5వ తేదీలోగా ప్రొడక్షన్ రిపోర్టు పంపాలి, పది రోజుల్లో మీరు తేడాలు చెప్పాలి. ఏడాది చివర 46 నైట్లు వెతుక్కునే పని ఉండదు. ఆరు నెలలకోసారి కూర్చుని, వాడకం బాగా తక్కువగా ఉంటే అప్పుడే సంఖ్య తగ్గించుకునే వీలు కూడా అడగండి.

మీ ఇంజినీర్లకు ఒక మాట. యాప్‌లో 2,450 కనిపిస్తే కౌంటరుకు ఫోన్ చేసి ఆ రేటే ఇమ్మనమనండి. కమీషన్ మిగులుతుంది కాబట్టి చాలాసార్లు ఇస్తారు. నైటు మీ కోడు మీద పడుతుంది.

మూడులాంతర్లు · సాయంత్రం 5:00

తొలేళ్ల నాడు ఊళ్లోకి బండ్లు రానివ్వరు, కోట నుంచి గుడి దాకా జనమే. ఆ రెండు రోజులూ మీవాళ్లను సైటు దగ్గరే పెట్టుకోవడం మంచిది.

కోటజంక్షన్ · నవంబర్ 19, రాత్రి 8:45

సోమవారం హెడ్డాఫీసుకు రాసి, నిన్న హోటల్ జీఎం గారిని కలిశాను. వరహాలు గారి లెక్కలు రెండూ ఒకే కాగితం మీద పెట్టాను. మెసేజీలు, లాడ్జి బిల్లులు, బొబ్బిలి అక్క రసీదు వెనక పెట్టాను. అవును, అదే హోటలు.

ఆయన మర్యాదగానే మాట్లాడారు. 18, 11 ఒప్పుకున్నారు. అక్టోబర్ 6, 7 తేదీల ఆరు నైట్లు తమ తప్పేనన్నారు, 14న ఎక్కువ తీసుకున్న 1,200 వెనక్కిస్తామన్నారు. యాప్ నైట్లు కుదరదన్నారు. మిగతా 25 పెళ్లి రోజుల మీద మాత్రం, లెటరులో "తెలియజేసే రోజులు" అని ఉంది కాబట్టి మా హక్కు అన్నారు. రసీదు చూపించి, ఆ రోజు మీకు నష్టమేమిటని అడిగితే యజమానితో మాట్లాడి చెబుతామన్నారు. 18 శాతం గురించి వాళ్ల ఆడిటరును అడుగుతారట.

అంటే ఇప్పుడు వాళ్ల లెక్క 426. తగ్గింది 54, 1,40,400 రూపాయలు. ఆ 54 నైట్లను వచ్చే ఏడాదికి జరుపుకుందాం అన్నారు. ఒప్పుకోవచ్చా?

అరసవల్లి ఫ్రంటాఫీసు · రాత్రి 10:10

జరుపుకోవడం అన్న మాట రెండు రకాలుగా ఉంటుంది, ముందు అది తేల్చుకోండి. ఒకటి, ఇప్పుడు 54 నైట్ల డబ్బు కడితే వచ్చే ఏడాది 54 నైట్లు ఉచితంగా దిగడం. అది అడ్వాన్సు లాంటిది, నష్టం తక్కువ. రెండోది, ఇప్పుడేమీ కట్టకుండా కొత్త 350కి 54 కలిపి 404 చేయడం. అది ఈ ఏడాది బాకీని వచ్చే ఏడాది నెత్తిన పెట్టుకోవడం. సైటు పని తగ్గే అవకాశం ఉంటే రెండోది వద్దు.

25 సంగతి తేలకుండా 54 మీద సంతకం పెట్టకండి. 25 ఒప్పుకుంటే మిగిలేది 29. అప్పుడు అడ్వాన్సు పద్ధతిలో కట్టినా 75,400, అదీ రూముల రూపంలో తిరిగొస్తుంది.

గంటస్తంభం లాయరు · రాత్రి 10:40

జీఎం గారు ఒప్పుకున్నవన్నీ ఈ రాత్రే ఒక మెయిల్లో రాసి, "నిన్న మనం మాట్లాడుకున్నట్టుగా" అని పంపండి. జవాబు రాకపోయినా ఫరవాలేదు.

కోటజంక్షన్ · రాత్రి 11:30

మెయిల్ పంపాను సార్. జరుపుకోవడం అంటే రెండింట్లో ఏదో కూడా అందులోనే అడిగాను. యజమాని గారు ఊళ్లో లేరట, శుక్రవారం వస్తారన్నారు.